పాత పార్టుల పొట్లాలు

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. దానివల్ల నాకు దక్కిన గౌరవం ఏమిటంటే, గుమ్మంలోకి ఏ కాగితం వచ్చినా నా చేతిలో పెట్టి అందరూ నా మొహం చూస్తారు. కరెంటు బిల్లు వెనక సన్నటి అక్షరాలు, మందు డబ్బాలో మడత పెట్టిన చీటీ, ఫ్యాను గ్యారంటీ కార్డు, అన్నీ నా వంతే. "చదువుకున్నదానివి, నువ్వు చూడకపోతే ఎవరు చూస్తారే?" అంటుంది అమ్మ. నేను చదివింది మొక్కల గురించి అని ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోదు. ఆమె లెక్కలో చదువు చదువే.

ఇన్సూరెన్సు క్లెయిము కూడా అలాగే నా నెత్తికెక్కింది.

నాన్నకు కుట్టు మిషన్ల షాపు ఉంది. పాడైనవి బాగుచేస్తాడు. పాత మిషన్లు కొని, విప్పి, తుడిచి, కొత్తవాటిలా చేసి టైలర్లకూ కుట్టు యూనిట్లకూ అద్దెకిస్తాడు. ముందు గదిలో కౌంటరు, పనిబల్ల, నూనె వాసన. వెనక గదిలో అద్దెకు సిద్ధం చేసిన మిషన్లు. ఐదు నెలల కిందట ఒక ఆదివారం, షాపు మూసి ఉండగా, పై అంతస్తులో నీళ్ల పైపు పగిలింది. సోమవారం పొద్దున షట్టరు ఎత్తితే నీళ్లు మాకు ఎదురొచ్చాయి. వెనక గదిలో ఉన్న పన్నెండు మిషన్లూ తడిసి ముద్దయ్యాయి. బల్లల చెక్క ఉబ్బిపోయింది. నాన్న ఒక మోటారు ఎత్తి పక్కకు వంచితే, కెటిల్‌లోంచి టీ వచ్చినట్టు ధార కట్టింది.

"ఇక పనికిరావమ్మా" అన్నాడు నాన్న, మెట్టు మీద కూలబడి.

ఆ మాటనే క్లెయిము ఫారంలో రాశాను. పన్నెండు మిషన్లూ పూర్తిగా పనికిరాకుండా పోయాయి, అని. కింద నాన్న సంతకం.

నాలుగో రోజున సర్వేయరు గారు వచ్చారు. నష్టం ఎంతో చూసి, అంచనా కట్టి కంపెనీకి నివేదిక ఇచ్చే మనిషి. ఒక్కో మిషను మీద ఎర్ర పెయింటుతో ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు వేశారు. ఫొటోలు తీశారు. "కంపెనీ చెప్పేదాకా వీటిని ముట్టుకోకండి. ఒక్క స్క్రూ కూడా కదలకూడదు" అని చెప్పి వెళ్లారు.

ఆ మాట విన్నప్పుడు నేను సర్వేయరు గారి మొహమే చూశాను గానీ నాన్న మొహం చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

ఆ తర్వాత ఐదు నెలలు గడిచాయి. నేను నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు, "మీ క్లెయిము పరిశీలనలో ఉంది." రెండోదానికి జవాబుగా స్టాకు రిజిస్టరు నకలు అడిగారు. ఇచ్చాం. మూడోదానికి మళ్లీ స్టాకు రిజిస్టరు నకలు అడిగారు. మళ్లీ ఇచ్చాం. నాలుగోదానికి, "మీ క్లెయిము పరిశీలనలో ఉంది." ఫోను చేస్తే సంగీతం వినిపించేవారు. అమ్మకు ఆ రాగం నోటికొచ్చేసింది, గిన్నెలు తోముతూ పాడుకునేది.

మాకు తొందర ఉంది. ప్రతి ఏడాదీ బడులు తెరిచే ముందు యూనిఫాం మేడమ్ మా దగ్గర పది మిషన్లు అద్దెకు తీసుకుంటుంది. ఊళ్లో సగం బడుల బట్టలు ఆమె యూనిట్లోనే కుడతారు. మా షాపు ఏడాదంతా నిలబడేది ఆ మూడు నెలల అద్దె మీదే. మా పన్నెండూ ఎర్ర నంబర్లు వేసుకుని కూర్చున్నాయి. వేరేవి కొనాలంటే క్లెయిము డబ్బు రావాలి. "నెలాఖరుకల్లా ఉన్నాయో లేవో చెప్పేయండి అన్నయ్యా. పదేళ్ల పరిచయమని ఆగుతున్నాను. తర్వాత నేను వేరే చోట చూసుకోవాలి" అని ఆమె మర్యాదగానే చెప్పింది. మర్యాదగా చెప్పింది కాబట్టే నాన్నకు ఆ రోజు అన్నం సయించలేదు.

అందుకని ఐదో ఉత్తరం. బడి ఆఫీసులో నా ఉద్యోగం మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది. నేరుగా షాపుకు వచ్చి కౌంటరు దగ్గర కూర్చుని చిత్తు రాయడం మొదలుపెట్టాను. పక్కన స్టూలు మీద బాబాయి. మా వ్యాను నడిపేది ఆయనే. ముట్టిస్తే చాలు పేలతాడని వీధి వీధంతా టపాకాయ్ అంటారు.

"చదువు, ఎంతవరకు వచ్చిందో" అన్నాడు.

"గౌరవనీయులైన క్లెయిముల విభాగం మేనేజరు గారికి..."

"ఆగాగు. గౌరవమా? ఐదు నెలలు తిప్పినవాడికి గౌరవమేంటే?"

"ఉత్తరం అలాగే మొదలవుతుంది బాబాయ్."

"అయితే రెండో లైన్లో దులుపు. 'మీ సంగతి తేలుస్తాం' అని రాయి. 'మేమంటే ఏమనుకుంటున్నారు' అని రాయి."

"ఏమనుకుంటున్నారో రాసి పంపిస్తే?"

బాబాయి ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే అది వద్దు. 'కోర్టు' అన్న మాటైనా పెట్టు. ఆ మాటకు ఒక బరువుంటుంది."

"వెళ్లే ఉద్దేశం లేనప్పుడు ఆ మాట ఎందుకు? చేసేదే రాయాలి, రాసింది చెయ్యాలి."

"నువ్వు రాస్తే ఉత్తరంలా ఉండదే, బడికి రాలేనని రాసే సెలవు చీటీలా ఉంటుంది" అని నాన్న వైపు తిరిగాడు. "ఏం అన్నయ్యా, నువ్వైనా చెప్పు."

నాన్న పనిబల్ల దగ్గర ఎవరిదో మిషను విప్పుకుని కూర్చున్నాడు. "దానికి తెలుసులే" అన్నాడు, తల ఎత్తకుండా.

అంత తేలిగ్గా అన్నాడంటేనే నాకు అనుమానం రావలసింది.

ఉత్తరంలో చివరి పేరా రాసేశాను. "మీ సర్వేయరు గారి సూచన ప్రకారం పన్నెండు మిషన్లనూ ముట్టుకోకుండా, ఆయన చూసిన స్థితిలోనే ఉంచాము. తాజా ఫొటోలు జత చేస్తున్నాము." ఆ ఫొటోల కోసం ఫోను పట్టుకుని వెనక గదిలోకి వెళ్లాను.

ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు. గది ఇరుకు. ఆరోది తీయడానికి వెనక్కి జరిగితే నా మోచేయి ఏడోదాని చక్రానికి తగిలింది. చక్రం తిరిగింది.

తిరిగి ఊరుకోలేదు. గిర్రున మూడు చుట్లు తిరిగి, సూది మూడుసార్లు పైకీ కిందికీ ఆడి, మెత్తగా ఆగింది. నూనె వేసిన మిషను ఎలా ఆగుతుందో మిషన్ల షాపులో పెరిగిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కనున్న ఆరోదాని చక్రం పట్టుకుని చూశాను. రాయిలా ఉంది.

"నాన్నా!"

"ఊఁ?"

"ఏడో నంబరు తిరుగుతోంది."

ముందు గదిలో స్క్రూడ్రైవరు చప్పుడు ఆగిపోయింది.

"ఎక్కడికి?" అన్నాడు నాన్న.

"ఎక్కడికేంటి నాన్నా! చక్రం తిరుగుతోంది. ఐదు నెలల కిందట నీళ్లలో మునిగిన మిషను ఇది."

నాన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటున్నాడు, తుడిచిన చెయ్యే మళ్లీ తుడుచుకుంటున్నాడు. ఆయన వెనక బాబాయి నెమ్మదిగా స్టూలు మీంచి లేచి, "వ్యాను నీడలో పెట్టొస్తా" అన్నాడు.

"కూర్చో బాబాయ్" అన్నాను. కూర్చున్నాడు.

మొత్తం ఐదు. రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పదకొండు. నేను బడి ఆఫీసులో హాజరు పట్టీలు దిద్దుతున్న పొద్దుటి పూటల్లో, నాన్న ఒక్కొక్కదాన్నీ విప్పి, ఎండబెట్టి, తుప్పు గీకి, మోటారు మార్చి, మళ్లీ అదే ఎర్ర నంబరు బయటికి కనబడేలా అదే చోట పెట్టేశాడు. మోటార్లు తెచ్చిపెట్టింది బాబాయి. పొద్దున మోటార్లు మోసి, సాయంత్రం నా పక్కన కూర్చుని 'మీ సంగతి తేలుస్తాం' అని రాయమన్నాడు.

"ముట్టుకోవద్దన్నారు కదా నాన్నా."

"అన్నారు. రెండు వారాలు ముట్టుకోలేదు" అన్నాడు నాన్న. "కానీ అమ్మా, తుప్పుకు ఎవరూ చెప్పలేదు ముట్టుకోవద్దని. అది రోజూ తింటోంది. పొద్దున లేచి ఈ గదిలోకి రావడం, అవి అలా పాడవుతుంటే చూడటం... నా వల్ల కాలేదు."

"పనికిరావన్నావు కదా!"

"ఆ రోజు అలాగే అనిపించింది. ఒకదాన్ని విప్పి చూశాక తెలిసింది, ఈ ఐదూ పాత రకం. మోటారు వేరు, ఒళ్లు వేరు. మోటారు పోయినా ఒళ్లు దక్కుతుంది. మిగతా ఏడింట్లో కంట్రోల్ బోర్డులున్నాయి. బోర్డులోకి నీళ్లు పోతే ఇక అంతే. కొత్త బోర్డు పెట్టే ఖర్చుతో ఇంకో మిషను కొనుక్కోవచ్చు. వాటి జోలికి పోలేదు."

నేను కౌంటరు దగ్గరికి వచ్చి చిత్తుప్రతి చూసుకున్నాను. "ముట్టుకోకుండా, ఆయన చూసిన స్థితిలోనే ఉంచాము." నా అక్షరాలు చాలా గుండ్రంగా ఉన్నాయి. ఆ వాక్యం అబద్ధం. ఫారంలో రాసినది కూడా ఇప్పుడు అబద్ధమే. పాలసీ పుస్తకం నాకు దాదాపు కంఠతా వచ్చు. తప్పుడు వివరాలిస్తే మొత్తం క్లెయిము తిరస్కరించవచ్చని తొమ్మిదో పేజీలో ఉంది. మొత్తం అంటే ఐదు కాదు, పన్నెండు.

"ఇప్పుడేం మునిగిపోయిందే?" అన్నాడు బాబాయి. "ఆ ఐదింటి మీదా తలా రెండు బకెట్ల నీళ్లు కుమ్మరిస్తే సరి. పది రోజుల్లో మళ్లీ తుప్పు."

నాన్న జీవితంలో బాబాయి మీద గొంతెత్తడం నేను రెండుసార్లే విన్నాను. అది రెండోది.

"నీళ్లు పోస్తావా? చేతులు విరగ్గొడతా!"

"ఊరికే అన్నా అన్నయ్యా."

"ఊరికే కూడా అనకు."

అమ్మ అప్పుడే టీ తెచ్చింది. ముగ్గురి మొహాలూ చూసి సంగతి అడిగింది, చెప్పాం. టీ పోస్తూ, "వాళ్లు వచ్చి చూస్తే ఎలాగూ తెలుస్తుంది కదా. వాళ్లు కనిపెట్టేకన్నా మనమే చెబితే మంచిది" అంది. తర్వాత ఆ పాట అందుకుంది, ఫోనులో పాట.

"రుజువేముంది అమ్మా? ఐదు బాగుచేశామంటే, అసలవి పాడే కాలేదంటారు. నీళ్లు పడ్డాయని అబద్ధమాడారంటారు."

"రుజువెందుకు లేదు?" అన్నాడు నాన్న. పనిబల్ల కింది సొరుగు లాగాడు.

సొరుగు నిండా పొట్లాలు. పాత కాగితంలో చుట్టి, దారం కట్టి, ఒక్కో పొట్లం మీద నాన్న పెద్ద పెద్ద అక్షరాలతో: 'ఏడు. మోటారు, బెల్టు, షటిల్. నీళ్లు పోయి కాలింది.' కింద తేదీ. ఒకటి విప్పాను. తుప్పు పట్టిన షటిల్, బిగుసుకుపోయిన బేరింగు. పొట్లాల్లో పట్టని ఐదు మోటార్లు సొరుగు వెనక వరసగా, మెడలో చీటీలతో.

ఇది మా షాపు పద్ధతి. మార్చిన పాత పార్టు ఏదైనా సరే, పొట్లం కట్టి మిషనుతో పాటు కస్టమరు చేతికి ఇచ్చేస్తాం. కొందరు అక్కడే గుమ్మం పక్క డబ్బాలో పడేసి పోతారు. అయినా సరే, ఇవ్వడం ఇవ్వడమే. చిన్నప్పుడు ఆ పొట్లాల దారాలు నేనే కట్టేదాన్ని.

"వీటినెందుకు దాచావు నాన్నా? మన సొంత మిషన్లే కదా."

నాన్నకు నా ప్రశ్న అర్థం కాలేదు. "పార్టు మార్చాక పాతది పొట్లం కట్టకపోతే ఎలా?" అన్నాడు.

ఆ రాత్రి భోజనం ముందే పాలసీ పుస్తకం మళ్లీ తీశాను. పదకొండో పేజీలో ఒక వాక్యం ఉంది. నేను దాన్ని ఇన్నాళ్లూ మమ్మల్ని బెదిరించడానికి రాసిందనుకున్నాను. 'నష్టం మరింత పెరగకుండా పాలసీదారు తగిన చర్యలు తీసుకోవాలి.' నాన్న ఆ పుస్తకం తెరిచి కూడా చూడలేదు. కానీ అందులో ఉన్నదే చేశాడు, అదీ మా దగ్గర దాచిపెట్టి.

మర్నాడు ఆదివారం. కూర్చుని ఉత్తరం మొదటి నుంచి రాశాను. ముగ్గురికీ చదివి వినిపించాను.

"గౌరవనీయులైన మేనేజరు గారికి,

మా షాపులో నీటి పైపు పగిలి జరిగిన నష్టం గురించి ఇది మా ఐదో ఉత్తరం. క్లెయిము నంబరు, పాలసీ నంబరు పైన రాశాము. ఫారం, ఫొటోలు, కొనుగోలు బిల్లులు, పైపు పగిలినట్టు ఇంటి యజమాని ఇచ్చిన లేఖ మొదటి పది రోజుల్లోనే ఇచ్చాము. స్టాకు రిజిస్టరు నకలు రెండుసార్లు ఇచ్చాము. తీసుకున్నట్టు మీ ఆఫీసు ముద్ర వేసిన కాగితాలు జత చేస్తున్నాము. సర్వేయరు గారి నివేదిక మీకు అంది డెబ్బై ఆరు రోజులైందని మీ ఆఫీసే ఫోనులో చెప్పింది. నివేదిక అందిన ముప్పై రోజుల్లో నిర్ణయం చెబుతామని మీ పాలసీ పుస్తకంలో ఉంది.

ఈలోగా మేము చేసిన ఒక పని మీకు చెప్పాలి. పన్నెండు మిషన్లూ పనికిరావని ఫారంలో రాశాము. ఆ రోజు అలాగే అనుకున్నాము. తర్వాత తుప్పు పెరగడం చూసి మా నాన్నగారు 2, 4, 7, 8, 11 నంబర్ల మిషన్లను బాగుచేశారు. మీ అనుమతి అడగలేదు. అది మా పొరపాటు. తీసేసిన పార్టులన్నీ నంబరు, తేదీ వేసి భద్రంగా ఉంచాము. ఈ ఐదింటికీ పూర్తి ధర అడగడం లేదు. పార్టుల బిల్లులు, పనికి అయిన ఖర్చు మాత్రమే అడుగుతున్నాము. మిగతా ఏడింటిని ముట్టుకోలేదు. అవెందుకు బాగుపడవో వేరే కాగితంలో ఒక్కోదానికీ రాశాము.

మేము అడిగేవి రెండే. ఈ నెల ఇరవయ్యో తేదీలోగా మీ నిర్ణయం చెప్పండి. చెప్పలేకపోతే, దేనికోసం ఆగారో అదే తేదీలోగా రాతపూర్వకంగా తెలపండి. రెండూ జరగకపోతే ఇరవై ఒకటో తేదీన ఈ ఉత్తరం నకలు మీ ఫిర్యాదుల అధికారికి ఇస్తాము. అక్కడా తేలకపోతే ఇన్సూరెన్సు ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయిస్తాము. అంత దూరం వెళ్లకుండా మీరే పరిష్కరిస్తారని ఆశిస్తున్నాము."

కాగితం మడిచి బల్ల మీద పెట్టాను.

"బాగానే ఉంది" అన్నాడు బాబాయి, దిగులుగా. "కానీ ఇందులో ఒక్క తిట్టూ లేదు."

"తేదీ ఉంది బాబాయ్."

"తేదీ తిట్టా?"

"ఆఫీసులో అదే పెద్ద తిట్టు."

నాన్న మాత్రం గడ్డం గోక్కుంటున్నాడు. "అంతా సరే గానీ, పొరపాటు అన్నావు. బాగుచేయడం పొరపాటెలా అవుతుంది?"

"అడగకుండా చేయడం పొరపాటు నాన్నా."

"అయితే అలాగే రాయి. 'అడగకపోవడం మా పొరపాటు.' బాగుచేయడం దాంట్లో కలపకు."

మార్చాను. ఇప్పుడు చూస్తే ఆ ఉత్తరంలో అన్నిటికన్నా మంచి వాక్యం అదే.

సోమవారం సెలవు పెట్టి కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయడం లేదు. కాగితాలు తీసుకునే కిటికీ దగ్గర ఒకాయన ఉత్తరం అందుకుని, నకలు మీద ముద్ర వేయకుండానే పక్కన పెట్టేశారు.

"నకలు మీద ముద్ర, తేదీ వేయండి సార్."

"వేస్తాం లేమ్మా, తర్వాత."

"తర్వాత వరకూ ఇక్కడే కూర్చుంటాను సార్. సెలవు రోజంతటికీ పెట్టాను."

ఆయన నా వైపు చూశారు. ముద్ర వేశారు. నేను మేనేజరు గారిని కలవాలన్నాను. ఆయన మళ్లీ చూసి లోపలికి దారి చూపించారు.

మేనేజరు ఒక మేడమ్. ఆమె బల్ల మీద ఫైళ్ల మధ్య ఒక కప్పు పట్టేంత చోటే ఉంది. ఉత్తరం చేతిలోనే పట్టుకుని మొత్తం చదివారు. రెండో పేరా దగ్గర ఆగి, మళ్లీ చదివారు.

"ఇది మీరెందుకు రాశారు?" అన్నారు, నెమ్మదిగా.

"నిజం కాబట్టి మేడమ్."

"నిజమే అనుకోండి. ఫారంలో ఒకటి, ఉత్తరంలో ఒకటి. పైవాళ్లు చూస్తే మొత్తం కొట్టేయవచ్చు, తెలుసా?"

"తెలుసు మేడమ్. తొమ్మిదో పేజీ. పదకొండో పేజీ కూడా చూడమని అడగడానికే వచ్చాను."

ఆమె లేచి వెళ్లి, ఒక ర్యాకులో కింది వరస నుంచి మా ఫైలు లాక్కొచ్చారు. దుమ్ము ఊది తెరిచారు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగిపోయారు. ఆ కాగితం నా వైపు తిప్పారు. ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన నోటు. 'పాలసీదారుది మిషన్ల మరమ్మతు షాపే. పన్నెండింటిలో ఒక్కటి కూడా ఎందుకు బాగుచేయలేరో వివరణ తీసుకోగలరు.' తేదీ రెండు నెలల కిందటిది. దాని కింద పెన్సిలుతో ఎవరో 'అడగాలి' అని రాసుకున్నారు.

"ఇది మీకెవరూ పంపలేదా?"

"పంపి ఉంటే ఐదో ఉత్తరం రాసేదాన్ని కాదు మేడమ్."

"పెన్సిలుతో రాసినాయన బదిలీ అయిపోయారు" అన్నారామె. ఆ మాటలో కాస్త సిగ్గు వినిపించింది. ఆమె మీద నాకున్న కోపం సగం దిగిపోయింది. "విచిత్రం చూశారా, వాళ్లు అడగమన్నదానికి, ఎవరూ అడక్కుండానే మీరు జవాబు తెచ్చారు. ఐదు బాగయ్యాయి, ఏడు బాగవవు, కారణాలతో సహా."

"అయితే పని జరుగుతుందా మేడమ్?"

"నేను మాటివ్వలేను. సర్వేయరు మళ్లీ చూసి అనుబంధ నివేదిక ఇవ్వాలి. ఆ పార్టులు నిజంగా ఉంటే..."

"ఉన్నాయి మేడమ్. పొట్లాలు కట్టి ఉన్నాయి. ఇప్పుడు మీరు చెప్పినదంతా కాగితం మీద ఇవ్వగలరా? ఆ నోటులో అడిగింది, సర్వేయరు గారు ఎప్పుడు వస్తారన్నది."

ఆమె నవ్వారు. "మీరు ఏం చదివారమ్మా, లా చదివారా?"

"మొక్కల గురించి మేడమ్."

కాగితం మీద ఇచ్చారు. ముద్రతో.

శుక్రవారం సర్వేయరు గారు వచ్చారు. ఎర్ర నంబర్లు ఆయన గుర్తుపట్టారు గానీ, ఐదు మిషన్లను మాత్రం గుర్తుపట్టలేకపోయారు. ఏడోదాని చక్రం తిప్పి చూశారు. కరెంటు తగిలించమని, పెడల్ తొక్కారు. మిషను గుర్రుమంటూ ఓ గుడ్డ ముక్క అంచు వెంట పరిగెత్తింది. ఆయన మొహంలో మొదట సంతోషం కనబడింది, తర్వాత అనుమానం కనబడింది. ఐదు నెలల కిందట తీసిన ఫొటోనూ మిషనునూ మార్చి మార్చి చూశారు.

"అప్పుడు ఇది నిజంగా పోయిందంటారా?"

నాన్న సొరుగు లాగి పొట్లాలన్నీ కౌంటరు మీద వరసగా పేర్చాడు. వెనక మోటార్లు. సర్వేయరు గారు ఒక్కొక్కటీ విప్పి, ఫొటోలోని సీరియల్ నంబర్లతో సరిచూసుకుంటూ రాసుకున్నారు. గంటన్నర పట్టింది. చివరి పొట్లం విప్పాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"చెత్తలో వేయాల్సినవి ఇంత పద్ధతిగా ఎందుకు దాచారండీ?"

"పాత పార్టు కస్టమరుకు ఇచ్చేయాలి కదండీ" అన్నాడు నాన్న. "ఇవ్వకపోతే మార్చామని ఆయన నమ్మేదెలా?"

"కస్టమరు ఎవరు ఇక్కడ?"

"మీరే. కంపెనీ చెప్పేదాకా మిషన్లు ముట్టుకోకూడదన్నారుగా, అంటే అందాకా అవి మీవే. తీసుకెళ్లండి."

"నేనా? ఈ తుప్పంతా నేనేం చేసుకోను?"

"అది మీ ఇష్టం. చాలామంది గుమ్మం పక్క డబ్బాలో వేసిపోతారు" అని నాన్న తాపీగా దారాలు మళ్లీ కట్టాడు. బాబాయి ఏదో వంకతో బయటికి వెళ్లి గట్టిగా నవ్వొచ్చాడు. సర్వేయరు గారు ఐదు మోటార్లను సాక్ష్యంగా మా దగ్గరే ఉంచి, పొట్లాలు మాత్రం సంచిలో వేసుకున్నారు. నాన్న ఆయన చేత 'పాత పార్టులు అందినవి' అని సంతకం పెట్టించుకున్నాడు. ముద్ర కూడా అడగమన్నాడు నన్ను. సర్వేయరు గారి దగ్గర ముద్ర లేదు.

ఏడింటిని అక్కడి నుంచి తీసి పక్కన పెట్టొచ్చనీ, ఐదింటిని వాడుకోవచ్చనీ ఆయన అక్కడే రాసిచ్చారు. ఆ సాయంత్రమే నాన్న యూనిఫాం మేడమ్‌కు ఫోను చేశాడు. ఐదు ఇప్పుడు ఉన్నాయని, మిగతా ఐదు క్లెయిము తేలాక చెబుతానని. అబద్ధం చెప్పలేదు. "ఐదుతో మొదలుపెడతాలే అన్నయ్యా, రెండో తేదీ దాకా మిగతావాటికి ఎదురుచూస్తా" అంది.

ఇరవయ్యో తేదీన జవాబు వచ్చింది. సరిగ్గా ఇరవయ్యో తేదీనే. కవరు నా చేతిలో పెట్టి ముగ్గురూ నా మొహం చూశారు. ఏడు మిషన్లకు వాడకపు తరుగు తీసేసి, ఐదు మిషన్లకు పార్టుల బిల్లులు, పని ఖర్చు కలిపి, ఏ క్లెయిములోనైనా పాలసీదారే భరించాల్సిన కొంత మొత్తం మినహాయించి క్లెయిము మంజూరు చేస్తున్నామని రాశారు. అంగీకార పత్రం మీద సంతకం పెట్టి పంపితే వారంలో జమ అవుతుంది. మేము మొదట అడిగినదానికన్నా బాగా తక్కువ. ఐదో ఉత్తరంలో అడిగినదానికి దాదాపు సరి.

"తిట్టి ఉంటే మొత్తం ఇచ్చేవాళ్లు" అన్నాడు బాబాయి.

"తిట్టి ఉంటే నీ మోటార్ల బిల్లులు కూడా వచ్చేవి కావు" అన్నాను. ఆయన వెంటనే మంచి ఉత్తరమని ఒప్పుకున్నాడు.

నెలాఖరుకు ముందు రోజు బాబాయి వ్యాను షాపు ముందు ఆపాడు. క్లెయిము డబ్బుతో తెచ్చిన ఐదు మిషన్లు ముందు ఎక్కాయి. తర్వాత మా ఐదూ. నాన్న చేతిలో గుడ్డ, థిన్నరు సీసా. ఒక్కొక్కదాని మీదా ఎర్ర నంబరు తుడిచేశాడు. ఏడో నంబరు దగ్గరికి వచ్చేసరికి చక్రాన్ని ఒకసారి వేలితో తోశాడు. మూడు చుట్లు తిరిగి మెత్తగా ఆగింది.

"ఇంకేమైనా తుడవాలా?" అన్నాడు బాబాయి, తాళాలు ఆడిస్తూ.

"లేదు, పోనియ్" అన్నాడు నాన్న.

వ్యాను వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం. లోపలి నుంచి అమ్మ పిలిచింది. వాటర్ పంపు వాళ్లు ఏదో కాగితం పంపారట, సన్నటి అక్షరాలట.